ముక్కు చూసి దించిన మీసం

"ఏమే, మీసం రెండు దిక్కుల సమానమేనా?"

"సమానమే. జల్ది పో, గిరాకి వచ్చి నిలబడుంటరు."

నాకూ మా ఆయనకూ మధ్య జరిగిన చివరి మాటలివి. ఆ మధ్యాహ్నమే షాపులో గుండె పట్టుకుని పడిపోయాడు. ఇన్నేళ్ల సంసారం మీసం మీద ముగిసింది. వేరే దేనిమీదైనా ముగిసుంటే నేను ఆశ్చర్యపోయేదాన్ని.

నాకు సంతకం తప్ప రాయరాదు. మా చెల్లె బిడ్డ రాస్తోంది, నేను చెబుతున్నాను.

హుజూరాబాద్ బస్టాండు వెనక మాకు కటింగ్ షాపు ఉండేది. కుర్చీలో కూర్చున్నవాడి మూతి చూసి మా ఆయన తీర్పు చెప్పేవాడు. "నీ పై పెదవి సన్నం. గుబురు పెడితే నోరే మాయమైతది, పెదవికి జర పైకి సన్నగ పెడుత." పెదవి లావుగా ఉన్నవాడికి నిండు మీసం. వెంట్రుక నిలువుగా కిందికి పెరిగేవాడు మెలి అడిగితే, "నీ వెంట్రుక నేల చూస్తది, మెలి నిలవదు, ఇడిసిపెట్టు" అనేవాడు. ఊరందరి మూతులకూ న్యాయం దొరికేది, ఒక్క ఆయన మూతికి తప్ప. ఆయన ఎడమ మీసం వెంట్రుక అచ్చంగా నేల చూసేదే. అయినా మైనం రాసి, దొరగారిలా రెండు కొసలూ పైకి మెలితిప్పేవాడు. ఎండ ముదిరేసరికి ఎడమ కొస జారేది. మళ్లీ మైనం.

ఒక చలికాలం తెల్లారి లేచేసరికి ఆయన మూతి వంకర పోయింది. నరం దెబ్బతిన్నదని, పక్షవాతం కాదని డాక్టరు చెప్పాడు. మందులకు చాలామట్టుకు తగ్గింది గానీ ఎడమ దిక్కు పెదవి కిందికి జారినట్టే ఉండిపోయింది. కాళ్లు చేతులు బాగానే ఉన్నాయి. మీసం మాత్రం చూడాలి! కుడి కొస ఆకాశంలో, ఎడమ కొస గదవ మీద. పైకి తిప్పిన మీసం ఆ వంకరను ఊరికంతటికీ వేలు పెట్టి చూపించింది.

ఆయన షాపు తెరవడం మానేశాడు. గడప దాటలేదు.

"ఎన్నడు తీస్తవయ్యా షాపు?"

"మూతి సక్కగైనంక."

"అప్పటిదాక గిరాకి గడ్డాలు పెంచుకుని నీకోసం కూసుంటరా? ఎదురుంగ కొత్త షాపోడు కుర్చీలు పెంచిండట."

"వానికి మెలి తిప్పుడు రాదు."

"నీకొచ్చింది చాలు తీ! ఇంట్ల దాసుకున్నవు. మీసం దించితే నీ సొమ్మేం పోతది?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగానే ఉంది, అబద్ధమెందుకు. మూడో రోజు పొద్దున కత్తెర, దువ్వెన నా ఒళ్లో పడేసి వాకిట్లో పీట మీద కూర్చున్నాడు. వేరే షాపువాడి చేతిలో మూతి పెట్టడానికి పరువు అడ్డం. పెళ్లాం ముందర పరువు ఎప్పుడో పోయింది కాబట్టి ఫికర్ లేదు.

మైనం పోయేదాకా సబ్బుతో కడిగాను. వెంటనే కత్తెర పెట్టబోతే కసిరాడు.

"తడి మీద కొయ్యకు! ఎండినంక వెంట్రుక పైకి గుంజుకుంటది, పొట్టిగైతది. ఆరనియ్యి. కిందికి దువ్వు, పెరిగిన దిక్కే."

ఆరాక పెదవి అంచు వెంబడి కత్తెర తీసుకుపోయాను.

"ఆగవే! పెదవి వెంబడి పోతే మీసం గూడ వంకరైతది. ముక్కు చూడు. ముక్కు కిందికి అడ్డగీత సక్కగ రావాలె. ఎడమ దిక్కు పెదవి తాకేదాక ఉంచు, కుడి దిక్కు దాంతో సమానం చెయ్యి."

"కుడి పెదవి మూసుకపోతది గదా?"

"పోనీ. గదే గావాలె. కొసలు నోటి మూలలు దాటనియ్యకు. దాటితే జారిన మూలను చూపిస్తయి."

నాకు కోపమొచ్చింది. ఇదంతా ముందే తెలుసన్నమాట ఆ మనిషికి! తెలిసి కూడా ఇన్నాళ్లు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకున్నాడు. వంకర పూర్తిగా పోలేదు. కానీ చూపు ముందు మీసం మీద నిలుస్తోంది, తర్వాతే పెదవి మీదికి పోతోంది. బాగుందని మాత్రం అనలేదు. అంటే నేను నెత్తికెక్కుతానని భయమేమో.

అయినా అంగీ వేసుకుని షాపుకు బయలుదేరాడు. నేను వెనకే వెళ్లాను, మధ్యలో తిరిగొస్తాడేమోనని. మొదటి గిరాకి కుర్చీలో కూర్చుని అద్దంలో మా ఆయన్నే చూశాడు. నేను గుమ్మం దగ్గరే ఆగాను.

"అన్నా, మీసం కొత్తగ పెట్టినవా? మస్తుంది. నాకు గూడ గట్లనే పెట్టు."

మా ఆయన వాడి గదవ పట్టుకుని మూతి అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీ పెదవి సక్కగుందిరా, నీకు పనికిరాదు" అని నవ్వాడు. మూతి వంకరగానే సాగింది. దాచుకోలేదు. నేను ఇంటికొచ్చి పొయ్యి ముట్టించాను.

ఆ తర్వాత పోయేదాకా షాపు ఒక్క రోజు మూయలేదు. వారానికోసారి వాకిట్లో పీట వేసి నేనే దించేదాన్ని, ఆయన తిట్లతో సహా.

అయిందిగ బిడ్డా. ఏం రాసినవో ఏమో, మొదటి నుంచి జర సదివి ఇనిపియ్యి. తిట్లు తీసేసినవో, మళ్ల రాయిస్త.