కాటా దగ్గర టీ

నాగరత్నం గారి పక్క కుర్చీలోనే నేను పని నేర్చుకున్నాను. పదో తరగతి మధ్యలో ఆపేసి, ఏలూరు శివారులోని మా చేపల మేత ఫ్యాక్టరీలో బిల్లులు కంప్యూటర్లో ఎక్కించడానికి చేరిన రోజుల సంగతి ఇది. ఎవరైనా పేరు అడిగితే తలవంచుకుని ఫిజా అనేదాన్ని. ఆవిడ మాత్రం, ‘‘కీబోర్డు నిన్నేమీ అనదమ్మా, కొట్టు’’ అనేవారు.

ఆవిడది అత్తిలి. చేతిరాత పద్దుల కాలంలో చేరారట. పద్దులన్నీ కంప్యూటర్లో నడిపే ఈఆర్‌పీ వచ్చినప్పుడు నేర్పడానికి హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు వారం తిరక్కుండానే వెళ్లిపోతే, మిగిలిన చిక్కులన్నీ ఆవిడే విప్పుకున్నారు. లెక్కల విభాగంలో ఎవరికి ఏ సందేహమొచ్చినా తీర్చే సూపర్ యూజర్ అయ్యారు. చింతలపూడిలో మాస్టారుగా ఉన్న ఆవిడ భర్త శివరామయ్య గారు ఆదివారం బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో వెళ్లేవారు. చివరికి ఆవిడకు చింతలపూడిలోనే పామాయిలు కంపెనీలో ఉద్యోగం దొరికింది. జూన్ మొదటి వారంలో చేరకపోతే వేరేవాళ్లని తీసుకుంటామన్నారు.

మా మేనేజరు హనుమంతరావు గారు ఒక షరతు పెట్టారు. తాడేపల్లిగూడెం డిపో నుంచి ఆవిడ స్థానంలోకి వచ్చిన మురళీకృష్ణ గారు ఆవిడ రాసిచ్చిన నోటు చూసుకుని మే నెల లెక్కల ముగింపు ఒంటరిగా చేయాలి. పొరపాటు జరిగితే ఆవిడ ఇంకో నెల ఉండాలి. ఆయన చేస్తున్నంతసేపూ ఆవిడ నోరు విప్పకూడదు.

ఆ నోటు నేనే టైపు చేశాను. పాత నెల మూయకముందే కొత్త నెల తెరవాలి, లేకపోతే ఇంకా రాని బిల్లుల కోసం అంచనాగా వేసే పద్దులు ఒకటో తేదీన రద్దు కాక ఆగిపోతాయి. ప్రతినెలా వచ్చే అద్దె పద్దుకి సిస్టం ఆ రోజు తేదీ వేసేస్తుంది, దాన్ని నెలాఖరుకు మార్చాలి. యంత్రాల తరుగుదల లెక్క ముందు ఉత్తుత్తిగా నడిపి, అంకెలు చూసుకున్నాకే నిజంగా నడపాలి. స్టోర్సు నెల ఒకసారి మూస్తే మళ్లీ తెరుచుకోదు. దాని కింద, లారీలు తూచి సరుకు ఎక్కించే వెంకట్రాజు గారి గురించి ఇంకో వాక్యం: ‘నెలాఖరు సాయంత్రం కాటా దగ్గర వెంకట్రాజు గారితో టీ తాగి, ఆయన అయిపోయిందన్నాకే స్టోర్సు మూయాలి.’

మురళీకృష్ణ గారు అది చదివి నవ్వారు. ‘‘టీ కూడా మంత్లీ టాస్కేనాండీ?’’

ఆవిడ కూడా నవ్వారు.

మే ఆఖరి రోజు అమావాస్య. ఎండ తగ్గలేదు, కొల్లేటి వైపు నుంచి గాలి కూడా లేదు. నాగరత్నం గారు ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. మురళీకృష్ణ గారు జూన్ తెరిచారు, అద్దె తేదీ మార్చారు, తరుగుదల రెండుసార్లూ నడిపారు. అన్నీ సరిగ్గా కుదిరాయి. స్టోర్సు ముగింపు తెర తెరిచి మౌస్ మీద చెయ్యి వేశారు.

ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకోవడం చూశాను. కంగారు పడితే అలాగే చేస్తారు.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ‘‘ఏవండీ, నోటులో టీ ఉందండీ.’’

ఆయన నా వైపు చూసి, తెర వైపు చూసి, లేచారు. ‘‘సరే, నువ్వూ రా. సాక్ష్యానికి.’’

కాటా గదిలో వెంకట్రాజు గారు టీ తెప్పించారు. గోడకున్న కొక్కేనికి తూకం చీటీలు గుచ్చి ఉన్నాయి. పొద్దుట దింపిన తవుడు లారీలవి. తవుడు గోడౌన్‌లో ఉంది, కంప్యూటర్లో లేదు. స్టోర్సు మూసేసి ఉంటే ఇక మే లెక్కలోకి ఎక్కేది కాదు.

‘‘ఇవి ఎక్కించలేదేమండీ?’’ అన్నారు మురళీకృష్ణ గారు.

‘‘అమావాస్య పూట కొత్త పద్దు మొదలెట్టనండి. మా నాన్నగారి నాటి అలవాటు. రేపు పొద్దున్నే ఇవాళ్టి తేదీతోనే ఎక్కించేస్తానండి. నాగరత్నం గారికి తెలుసు.’’

మురళీకృష్ణ గారు టీ పూర్తిగా తాగారు. తిరిగి వచ్చి, స్టోర్సు తెర మూయకుండానే కంప్యూటర్ ఆపేశారు. మర్నాడు వెంకట్రాజు గారు ‘‘అయిపోయిందండి’’ అన్నాకే మూశారు. సరుకు, బిల్లులు సరిపోయాయి.

నాగరత్నం గారికి రిలీవింగ్ కాగితం చేతికొచ్చాక మురళీకృష్ణ గారు ఆవిణ్ణి అడిగారు, అమావాస్య అని రాసేస్తే సరిపోయేదిగదా అని.

‘‘నోటు హెడ్డాఫీసుకి కూడా వెళ్తుందండీ’’ అన్నారావిడ మెల్లగా. ‘‘వెంకట్రాజు గారు రిటైరయ్యే ముందు మాట పడటం ఎందుకు?’’

చింతలపూడి బస్సెక్కేటప్పుడు శివరామయ్య గారు సంచి అందుకున్నారు. నాగరత్నం గారు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, బస్సు కదిలాక వదిలారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో మురళీకృష్ణ గారు కూర్చుంటారు. ఆ నోటు ఇప్పటికీ గోడకు అంటించి ఉంది. టీ వాక్యం పక్కన ఆయన పెన్నుతో ఒక ముక్క కలిపారు: ‘పంచదార ఎక్కువ వేస్తారు, ముందే చెప్పాలి.’