షిఫ్ట్ మీద ఆనని చిటికెన వేలు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ. ఆదోనిలో పదేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్న దాన్ని. ఆ మాత్రం కోపం లేకపోతే, పెళ్లి కార్డులు అచ్చయ్యాక ముహూర్తం మార్చమని వచ్చేవాళ్లతో వేగలేను. కానీ ఇప్పుడు రాస్తున్నది నా కోపం గురించి కాదు, మా ఆయన ఎడమ చేతి చిటికెన వేలి గురించి.

ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్. మూడేళ్ల కిందట చెయ్యి బెల్టులో ఇరుక్కుని ఆ వేలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వేలు వంగదు. తినడానికీ, బండి తోలడానికీ, స్క్రూడ్రైవర్ తిప్పడానికీ దానితో పనిలేదు. కంప్యూటర్ ఆటకు మాత్రం ఉంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుంటేనే అందులో మనిషి పరిగెడతాడు. ఆ షిఫ్ట్ మీద ఆనాల్సింది సరిగ్గా ఆ వేలే.

"ఆటే కదా, మానేస్తే పోలా?" అని మొదట నేనే అన్నాను. బుద్ధి లేక అన్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనా, ఐటీఐలో కలిసి చదువుకున్న ముగ్గురు స్నేహితులూ ఆన్‌లైన్‌లో ఒక జట్టుగా ఆడతారు. ఒకాయనకు ఎమ్మిగనూరులో మొబైల్ షాపు, ఒకాయన పత్తికొండ టమోటా మండీలో, ఇంకొకాయన బళ్లారిలో. వారమంతా నోరు విప్పని మనిషి ఆ రెండు గంటలూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పకపకా నవ్వుతాడు. అది పోతే ఆయనకు ఇంకేముంది? మళ్లీ ఆ మాట నా నోట రాలేదు.

పరుగు కీని వేరే వేలికి మారుద్దామని, ముందు ఆయన ఒక్కడే ఆడుకునే పాత ఆటతో మొదలుపెట్టాను. దానిలో కీలు మార్చుకునే వసతే లేదు. ఒక కీ నొక్కితే ఇంకొకటి నొక్కినట్టు చేసే ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రామ్ నా షాపులో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. రెండు ఇంగ్లీషు అక్షరాలు కొడితే "ఆహ్వానించువారు" అని పూర్తిగా పడేటట్టు రాసుకున్నాను. కాబట్టి నాకిది ఒక్క వరస పని. ఎడమ ఆల్ట్ పేరు, వెనుక రెండు కోలన్లు, ఆ తర్వాత ఎడమ షిఫ్ట్ పేరు. అంతే. బొటనవేలు ఆల్ట్ మీద పెడితే ఆట అది షిఫ్టనే అనుకుంటుంది.

మహా తెలివిగా రాశాననుకున్నాను. మరునాడు ఇంట్లో అదే కంప్యూటర్‌లో పెళ్లి కార్డు చేయబోతే ఆల్ట్ ట్యాబ్ పనిచేయదు, తెర మీద విండోలు మారవు, ఆల్ట్ తగిలిన చోటల్లా పెద్దక్షరాలు పడుతున్నాయి. ఎవరిని తిట్టాలి? నన్నే తిట్టుకుని, ఆట విండో ముందున్నప్పుడు మాత్రమే పనిచేయాలని పైన ఇంకొక వరస చేర్చాను. ఎఫ్12 నొక్కితే నేను రాసిన ఆ స్క్రిప్ట్ ఆగిపోయేటట్టు కూడా పెట్టాను. ఆ సాయంత్రం ఆయన ఆ ఆటలో శత్రువుల జోలికే పోలేదు. అరగంట సేపు ఊరికే అటూ ఇటూ పరిగెత్తించాడు. చూస్తూ నిలబడ్డాను, పొయ్యి మీద పాలు పొంగిపోయినా పట్టించుకోలేదు.

తర్వాత అసలు కోరిక బయటపడింది.

"ఏమే, ఆదివారం ఆటలోకి గూడా ఒకటి రాయి. తుపాకి పేలిస్తే పైకి లేస్తాంది, నేను దించుకునేలోపల సస్తాండా. దాన్ని అదే దించుకునేట్ల రాయి."

"చేతకాదని కాదప్పా, చెయ్యగూడదు. పాత ఆటలో నీకు ఎదురుగా ఉండేది బొమ్మలు. ఆడ ఎదురుగా ఉండేది మనుషులు. వాళ్లు చేత్తో దించుకుంటాంటే నీకు మెషిన్ దించుతాదా?"

"ఎవరికి తెలుస్తాది?"

ఎవరికి తెలుస్తుందో కూర్చోబెట్టి చెప్పాను. ఆటతో పాటే ఒక కాపలా ప్రోగ్రామ్ నడుస్తుంది, మన కంప్యూటర్‌లో ఏమేం నడుస్తున్నాయో అది చూస్తుంది. కొన్ని ఆటలైతే ఆటోహాట్‌కీ కనబడితేనే అనుమానిస్తాయి. స్క్రిప్ట్ కదిపిన మౌస్ మీద, ఇది చేతితో కదిలింది కాదని విండోసే గుర్తు వేస్తుంది. మనిషి చెయ్యి ఒకసారి ఎక్కువ దించుతుంది, ఒకసారి తక్కువ. స్క్రిప్ట్ ప్రతిసారీ అంతే దూరం, అంతే సమయంలో దించుతుంది. పైగా వెంటనే పట్టుకోరు. కొన్నాళ్లు చూసి, ఒకేసారి చాలామందిని గెంటేస్తారు. గెంటేస్తే నీ ఖాతా పోతుంది, ఆదివారం పోతుంది అన్నాను.

"సరేలే" అన్నాడు. అలిగి కాదు, ఊరికే. అలిగి ఉంటే నాకూ కోపం వచ్చి సరిపోయేది.

తర్వాతి రెండు ఆదివారాలు, ఆట ముగిసినప్పుడల్లా "నా వల్లే పోయిందిరా, నా వల్లే" అంటూ ఆ వంగని వేలిని కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. అంత ఉపన్యాసం ఇచ్చిన దాన్ని, మూడో ఆదివారం పొద్దున నేనే కూర్చుని రాశాను. ఎడమ బటన్ నొక్కి ఉన్నంతసేపూ మౌస్‌ను కొంచెం కొంచెం కిందికి లాగే ఐదారు వరసలు, పైన పరుగు కోసం పాత ఆల్ట్ వరస. ఆయన బలవంతపెట్టలేదు. ఆయన మీద ప్రేమతో నేనే రాశాను, తప్పని తెలిసే రాశాను.

ఆ మధ్యాహ్నం వరసగా గెలిచారు. నేను పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాను. హెడ్‌ఫోన్స్ బయటికి వినబడేంత గట్టిగా ఎమ్మిగనూరాయన అరిచాడు.

"నీ ఏలు బాగైందిరా! పరిగెత్తాండావు, వంగుతాంది గదా! మా అమ్మీ రోజూ దువా చేస్తాంది రా నీ ఏలి కోసం. ఇప్పుడే చెప్తా ఉండు!"

మా ఆయన హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు.

"తీసెయ్" అన్నాడు. తీసేశాను.

తీసేస్తే మాత్రం? రెండు వారాలకు ఖాతా తెరిస్తే, ఆట నియమాలు మీరినందుకు శాశ్వతంగా ఆపేశామని వచ్చింది. అనుకున్నదే అయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ముగ్గురినీ ఫోన్‌లో కలిపి స్పీకర్ పెట్టాడు.

"ఏలు బాగుకాలేదురా. స్క్రిప్ట్ పెట్టినా. నన్ను తీసేసినారు. అమ్మీకి నిజం సెప్పు."

"పెట్టినాను అంటాడేంది! రాసింది నేను" అని నేను అడ్డం పడ్డాను. "ఆ యప్పకు దాంట్లో ఒక్క వరస గూడా రాదు."

ఎమ్మిగనూరాయన అందుకున్నాడు.

"భాభీ, నువ్వు ఊరుకో. రేయ్, గెలిసేదానికేనా నీతో ఆడతాండేది? నీకు షిఫ్ట్ అందదని మాకు తెల్దా? మూడేండ్లుగా నువ్వు నడుస్తాంటే మేమూ నడుస్తానే ఉండాం. ఎప్పుడన్నా సూసుకున్నావా, నీ పక్కన ఒక్కడన్నా పరిగెత్తినాడా?"

మా ఆయన చూసుకోలేదు. అన్ని ఆదివారాలు పక్కనే తిరిగిన నేనూ చూడలేదు. అంతమంది శత్రువుల మధ్య ముగ్గురు మనుషులు కావాలని నడుస్తూ చచ్చిపోయారంటే నమ్మబుద్ధి కాలేదు. ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. పత్తికొండాయన "ఇంకో ఆట సూసుకుందాం పాండ్రా, నలుగురం ఒకటో లెవెల్ నుంచి" అన్నాడు. ముగ్గురూ ఏళ్ల తరబడి పెంచుకున్న ఖాతాలు వదిలేసి కొత్త ఆటలోకి వచ్చారు.

ఈసారి స్క్రిప్ట్ జోలికి పోకుండా ముందు ఆ ఆట సెట్టింగులు తెరిచాను. ఏ కీ ఏం చేయాలో మార్చుకునే పేజీ అందులోనే ఉంది. పరుగును ఆల్ట్‌కు మార్చాను. ఆట ఇచ్చిన వసతే కాబట్టి నియమాలకు అడ్డేమీ లేదు. అలాంటి పేజీ వదిలేసిన ఆటలోనూ ఉందని బళ్లారాయన ఫొటో తీసి పంపాడు. మా ఐదుగురిలో ఒక్కరమూ దాన్ని తెరిచిన పాపాన పోలేదు. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

తర్వాతి ఆదివారం ఆట మొదలవగానే మా ఆయన బొటనవేలితో ఆల్ట్ నొక్కి, మైదానంలో పడి ఒకటే పరుగు. వెనుక నుంచి ముగ్గురూ ఒకేసారి అరుస్తున్నారు.

"రేయ్, నిలబడరా! మాకు నడిసేది అలవాటైపోయింది!"