కళ్లజోడు తీసిన ఫోటో

నంద్యాలలో మా స్టూడియోకు ఎవరైనా వచ్చి ఫోటోలో కళ్లద్దాలు తీసేయమంటే నేను కారణం అడగను. పోయినవాళ్ల ఫోటోనే అయి ఉంటుంది. పటం కట్టి దండ వేసినప్పుడు కళ్ల మీద లైటు మెరుపు ఉండకూడదని అందరూ అనుకుంటారు. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఆవిడ ఫోన్‌లో భర్త ఫోటో చూపించగానే, ఆ అలవాటుతోనే నోరు జారాను.

"ఎప్పుడు పోయినారమ్మా?"

"పోలేదన్నా. కనపడడంల్యా."

నాలుక కరుచుకున్నాను. అంత సిగ్గు నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

ఆవిడ భర్త ఆళ్లగడ్డలో ఒక చిన్న బడిలో అయ్యవారు. సాయంత్రం నడకకు వెళ్లి తిరిగి రాలేదు. వెతుక్కుంటూ వెళ్లిన ఆవిడకు కాలువ గట్టు మీద ఆయన చెప్పులు, ఒక చెప్పులో మడిచిపెట్టిన కళ్లజోడు దొరికాయి. ఆ కళ్లజోడును చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుని తిరుగుతోంది.

"అద్దాల ఫోటో అందరికీ పంపినాం. ఇప్పుడు ఆయప్ప కాడ అద్దాల్లేవు గదన్నా. ఉత్త మొగంతో తిరుగుతాంటే ఎవురు గుర్తు పడతారు?"

ఆవిడ రుమాలు విప్పి ఇచ్చిన కళ్లజోడును వెలుతురుకు పట్టి చూశాను. అద్దాల అంచులు వేలి మందం ఉన్నాయి.

"ఇవి లేకుండా ఏమన్నా కనపడతాదా ఆయనకు?"

"మెట్టు గూడా కనపడదు," అంది. అన్నాక తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయింది. మెట్టు కనపడని మనిషి అద్దాలు మడిచి చెప్పులో పెట్టి ఎటు నడిచాడు? నాకు భయమేసింది. ఆ ప్రశ్న పైకి అడగకుండా కుర్చీ సిస్టమ్ ముందుకు లాక్కున్నాను.

ఫోటోలో కళ్లజోడు ఫ్రేము చెరపడం పెద్ద పని కాదు. దాని కింద ఏముందో తెలియకపోవడమే కష్టం. పై అంచు కనుబొమల్లో సగం మింగేసింది. కింది అంచు నీడ బుగ్గ మీద పడింది. బుగ్గ మీద అదే వెలుతురున్న చోటు నుంచి చర్మం తెచ్చి, చర్మం మీది సన్నని రంధ్రాలు చెదరకుండా అతికించాను. ఎడమ కన్ను మొత్తం మెరుపులో పోయింది కాబట్టి కుడి కన్నునే అద్దంలో బొమ్మలా తిరగేసి అక్కడ పెట్టాను. తిరగేస్తే కంటిలోని వెలుగు చుక్క కూడా రెండో వైపుకు మారిపోతుంది. దాన్ని చెరిపి, కుడి కంట్లో ఏ వైపుందో ఆ వైపే మళ్లీ పెట్టాను. అంత పవరున్న అద్దాల్లో కళ్లు చిన్నవిగా కనపడతాయి, కణత దగ్గర ముఖం అంచు లోపలికి విరిగినట్టుంటుంది. కళ్లు కాస్త పెంచి, ఆ అంచు బయటికి జరిపి కలిపాను. పటాలకైతే ముక్కు మీది నొక్కులు నున్నగా చేసేస్తాను. ఇక్కడ ఉంచేశాను. బతికి తిరిగేవాడికి అవి అంత తొందరగా పోవు.

పక్కన కూర్చున్న ఆవిడ చాలాసేపు చూసింది.

"ఏమో అన్నా. ఎవురో వేరే మనిషి మాదిరుండాడు."

"కండ్లలో తేడా ఏందో చెప్పమ్మా, సరిచేస్తా."

"యాడ చెప్పేది. అద్దాల్లేకుండా ఆయప్పను నిద్రలోనే చూసినా. కండ్లు తెరుస్తానే తలగడ కాడ తడుముకునేటోడు."

కళ్లజోడు లేని ఆ ముఖాన్ని ఆయన కూడా అద్దంలో సరిగ్గా చూసి ఉండడు. ఎవరూ చూడని కళ్లను నేను తయారు చేశానన్నమాట. అయినా అదే ఫోటో తీసుకెళ్లింది. వేరే దారి లేదు.

తర్వాత ఆవిడకు ఫోన్లు వచ్చాయట. యాగంటి గుడి మెట్ల మీద చూశామని ఒకరు, ఉయ్యాలవాడ ఆటోలో చూశామని ఇంకొకరు. ఆవిడ ప్రతిచోటికీ వెళ్లింది. అక్కడ ఎవరెవరో ఉన్నారు. 

ఒకరోజు పొద్దున ఆళ్లగడ్డ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. వెనక ఆవిడ ఉంది. కానిస్టేబుల్ కూర్చోలేదు.

"ఆ ఫోటో ఉండాదా నీ కాడ? కండ్లు మూసి ఒకటి చెయ్యప్పా."

"ఎందుకు సార్?"

ఆయన ఆవిడ వైపు చూసి, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "కాలువ కిందుగా ఒక శవం దొరికింది, పోల్చుకోవాల. చెయ్యి ముందు."

ఆవిడ వచ్చి మొన్నటి కుర్చీలోనే కూర్చుంది.  నేను పెట్టిన వెలుగు చుక్కలు చెరిపాను. నేను పెంచిన కళ్ల మీదికి పై రెప్పల చర్మం సాగదీసి కిందికి దించాను. రెప్పల వెంట్రుకలు కింది అంచున కలిపి, సన్నని నీడ ఇచ్చాను. తయారు చేయడానికి ఒక పూట పట్టిన కళ్లు మూయడానికి కాసేపే పట్టింది.

ఆవిడ తెర మీదికి వంగింది. సంచిలోంచి కళ్లజోడు చుట్టిన చేతిరుమాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడు ఆయప్పేనన్నా," అంది.