గ్రీన్ మ్యాట్‌కు ఆరడుగుల దూరం

వెనక దృశ్యం మార్చడానికి కట్టే గ్రీన్ మ్యాట్‌కు ఆరడుగుల దూరంలో మనిషిని నిలబెట్టమని ఎన్నేళ్లుగా చెబుతున్నా నా మాట ఎవరూ వినలేదు. నల్లగొండలోని చిన్న స్టూడియోలో పాటల వీడియోలు ఎడిట్ చేస్తాను. కేతేపల్లి వైపు నుంచి ఒగ్గుకథ చెప్పే పెద్దాయన వచ్చిన రోజు కూడా కెమెరామన్ ఆయనను మ్యాట్‌కు ఆనించినట్టే నిలబెట్టాడు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌లో మ్యాట్ తీసేశాక ఆయన తెల్ల ధోవతి మీద, నెరిసిన జుట్టు మీద దగ్గరున్న మ్యాట్ నుంచి పడిన ఆకుపచ్చ నీడ మిగిలింది. ఒంటి చుట్టూ సన్నటి ఆకుపచ్చ గీత కూడా. అంచును కాస్త లోపలికి జరిపి మెత్తబరిస్తే గీత పోయింది. ఆకుపచ్చ ఛాయను తగ్గించే డిస్పిల్ పెడితే ధోవతి తెల్లబడింది.

పెద్దాయన మానిటర్‌లో చూసుకున్నాడు. "బిడ్డా, నా బండారేదిరా? మల్లన్న ముంగట గీ మొకంతోని ఎట్ల నిలవడాలె?"

నుదుటి మీద పూసుకున్న ఆ పసుపు బండారు ఇటుక రంగుకు మారింది. తెర మీద పసుపులో ఎరుపుతో పాటు ఆకుపచ్చ కూడా కలిసి ఉంటుంది. డిస్పిల్ దాన్నీ తగ్గించేసింది.

"ఎడిటర్‌కు కండ్లు కనవడుతలేవు తాతా," అని కెమెరామన్ నవ్వాడు.

నుదుటి చుట్టూ మాస్క్ గీసి, తలతో పాటు అది కదిలేలా ట్రాక్ చేసి, అక్కడ డిస్పిల్ తాకకుండా చూశాను. పూటంతా పట్టింది.

"గిప్పుడు నేనే," అన్నాడు పెద్దాయన.

నిన్న మళ్లీ ఒకరిని మ్యాట్‌కు ఆనించే నిలబెట్టారు. కెమెరామన్ తమ్మీ, నీ కెమెరా వెనక అంత జాగా ఖాళీగా ఉండగా మనిషిని ముందుకు ఎందుకు జరపవు? నవ్వడం ఆపి, ఈసారైనా జవాబు చెప్పు.