టిక్కు పెట్టిన ఫైలు

అక్కకు నెలలు నిండుతున్నప్పుడు ఆస్పత్రి బ్యాగు దగ్గర నాకూ అమ్మమ్మకూ పెద్ద పంచాయితీ అయింది. అమ్మ పోయినప్పటి నుంచి మధురానగర్‌లోని మా రెండు గదుల ఇంట్లో మమ్మల్నిద్దరినీ పెంచింది అమ్మమ్మే. అమీర్‌పేటలో ఒక బడిలో ఏళ్ల తరబడి ఆయాగా చేసింది. ఏ ప్రయాణానికైనా మనసులో చూసుకుంటూ సర్దేది తప్ప కాగితం ముట్టేది కాదు. నేనేమో మైత్రీవనం దగ్గర సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్తాను. రాసుకోనిదే నాకు ధైర్యం ఉండదు.

"చదువు, ఏం రాసినవో" అంది అమ్మమ్మ.

బట్టలు, కాగితాలు, మందులు, ఛార్జర్లు అని విడివిడిగా రాసింది మొత్తం చదివాను.

"అన్నీ ఉన్నయి గని, ఏది ముందుగాల అక్కరొస్తదో గీ దాంట్ల లేదు" అంది.

మంచం మీద కూర్చుని కళ్లు మూసుకుంది. ఆస్పత్రి గడప నుంచి మొదలుపెట్టింది. "లోపటికి పోంగనే కాగితాలడుగుతరు. తర్వాత నైటీ మార్చుకోమంటరు. బిడ్డ పుట్టంగనే మెత్తటి గుడ్డలు, టోపీ తెమ్మంటరు. పాలిచ్చేటప్పుడు ముందట గుండీలున్న నైటీ కావాలె..." అట్లా ఇంటికి తిరిగొచ్చే దాకా నడిచింది. సర్దేటప్పుడు మాత్రం ఆ దారిలోనే వెనక్కి వచ్చింది. ఇంటికొచ్చే రోజు కట్టుకునే బట్టలు అన్నిటికన్నా అడుగున పెట్టింది. వాటి మీద రెండో రోజువి. ఫ్లాస్కు, గ్లాసు, చెంచా ఒక పక్కన నిలబెట్టింది. తన పాత నూలు చీర చింపి, ఉడకబెట్టి ఆరేసిన గుడ్డలు మూటగట్టి అన్నిటికన్నా పైన పెట్టింది. చెయ్యి పెడితే ముడి తగలాలట.

నేను పక్కన నిలబడి లిస్టులో ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టాను. స్కానింగ్ రిపోర్టుల ఫైలు పక్క జిప్పులోకి పోగానే దానికీ టిక్కు పడింది.

వారం తర్వాత, మధ్యాహ్నం అన్నం తింటుంటే అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బావ ఆఫీసు నుంచి నేరుగా ఆస్పత్రికి వస్తానన్నాడు. ఆటో వాకిట్లో ఆగింది. బ్యాగు ఎత్తిన అమ్మమ్మ అక్కడే నిలబడిపోయింది.

"దీంట్ల ఫైలు లేదురా."

"ఉంది అమ్మమ్మా, టిక్కు పెట్టిన. జర జల్ది నడువు."

"బ్యాగు అల్కగుంది. పక్కకు గుంజుతలేదు."

జిప్పు తీసి చూస్తే ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది. ఇన్సూరెన్సుకు జిరాక్స్ కావాలని రెండు రోజుల కింద నేనే తీశాను. తీసినప్పుడు టిక్కు కొట్టేయలేదు. పరుగెత్తిపోయి చూస్తే నా లాప్‌టాప్ బ్యాగులో దొరికింది. తల ఎత్తలేకపోయాను. అమ్మమ్మ ఫైలు జిప్పులో పెట్టి, మళ్లీ ఒకసారి బ్యాగు ఎత్తి చూసుకుని ఆటో ఎక్కింది.

పంజాగుట్ట ఆస్పత్రిలో నర్సమ్మ ఫైలు తిప్పుతూ, "పడని మందులేమైనా ఉన్నాయా?" అని అడిగింది. అక్క నొప్పితో మాట్లాడలేకపోతోంది.

"పన్ను వాచినప్పుడు ఒక ఎర్ర గోలీ ఏసుకుంటే ఒళ్లంత దద్దుర్లొచ్చినయమ్మా" అంది అమ్మమ్మ.

"పేరేంటమ్మా?"

అమ్మమ్మ నా వైపు చూసింది. ఆ పళ్ల డాక్టరు చీటీ ఈ ఫైలులో లేదు. కానీ నా లిస్టులో, మందుల కింద, ఆ యాంటీబయాటిక్ పేరు రాసి ఉంది. చదివాను. నర్సమ్మ కేసు షీటు మీద ఎర్ర పెన్నుతో రాసుకుంది.

"రాసి మంచిపని చేసినవు బిడ్డా" అంది అమ్మమ్మ. ఆ మాట నాకు ఏ మెచ్చుకోలు కన్నా ఎక్కువనిపించింది.

సాయంత్రం కాన్పు గది తలుపు సందులోంచి "బేబీ బట్టలు!" అని కేక వినబడింది. నేను జేబులోంచి లిస్టు తీసేలోపు, అమ్మమ్మ తలుపు మీంచి చూపు తిప్పకుండానే బ్యాగులో చెయ్యి పెట్టి మూట అందించింది. కాసేపటికి అదే చీర గుడ్డలో చుట్టిన ఆడపిల్లను తెచ్చి బావ చేతుల్లో పెట్టారు. బావ ఏడ్చేశాడు. అమ్మమ్మ మాత్రం టోపీ చెవుల మీదికి సర్దింది.

ఇంటికొచ్చే రోజు బ్యాగు నన్నే సర్దమంది.

"ముందుగాల చూడకుండ సర్దు. మొత్తం అయినంక కాగితం తియ్యి."

అట్లాగే చేశాను. మూడు మరిచిపోయాను. వాటిలో రెండు లిస్టు పట్టిచ్చింది. మూడోది అక్క తలగడ కింద పెట్టుకున్న దువ్వెన. అది లిస్టులోనూ లేదు. అమ్మమ్మే తీసి నా చేతికిచ్చింది.