ఒకటో నంబరు నుంచి అప్పజెప్పిన హిందీ

మా అమ్మాయి ఐదో తరగతిలో హిందీ తప్పింది. మిగతా అన్నింటిలో మంచి మార్కులే, హిందీలో మాత్రం గుండుసున్నాకి నాలుగడుగుల దూరం. ఆ కార్డు చూడగానే నాకు తల కొట్టేసినట్టయింది. నెల్లూరులో హిందీ పరీక్షలన్నీ ఒక్కటీ తప్పకుండా పాసైనదాన్ని నేను. ఆ సర్టిఫికెట్లు గల్ఫులో ఈ అజ్మాన్ ఫ్లాటు దాకా మోసుకొచ్చి బీరువాలో చీరల కింద దాచుకున్నదాన్ని. నా కడుపున పుట్టి హిందీ తప్పడమా!

వారంలో మళ్ళీ పరీక్ష పెడతామన్నారు. సగం రాత, సగం నోటితో. అందులోనూ తప్పితే మళ్ళీ ఐదో తరగతే. అభ్యాసానికి ముప్ఫై ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. మొదటి పది లింగాలు, తర్వాతి పది వచనాలు, చివరి పది విభక్తులు. అది చేతికిచ్చి మా అమ్మాయి అడిగిన మాట ఒకటే: "అమ్మా, నేను అదే క్లాసులో ఉండిపోతే కిందింటి చిన్న పిల్లల పక్కన కూర్చోవాలా?"

"నోరు మూసుకుని చదువు, ఎవురి పక్కనా కూర్చోబళ్ళా" అన్నాను. భయమేస్తే నాకు కోపమొస్తుంది, అదేం జబ్బో.

ఆ రాత్రికల్లా జవాబులన్నీ నింపి, ప్రతిదాని పక్కనా సన్నటి అక్షరాలతో తెలుగులో కారణం రాసిపెట్టాను. మనకి బల్లైనా కుర్చీ అయినా 'అది' అంటే సరిపోతుంది, హిందీలో అలా కుదరదు, ప్రతి వస్తువూ ఆడో మగో కావాల్సిందే. కుర్సీ స్త్రీలింగం, ఘర్ పుంలింగం. చివర 'ఈ' వస్తే ఎక్కువగా స్త్రీలింగమే, కానీ పానీ, ఘీ, మోతీ, హాథీ పుంలింగాలు. బహువచనంలో లడకా లడకే అవుతుంది, కితాబ్ కితాబేఁ అవుతుంది, ఘర్ మాత్రం ఘర్‌గానే ఉంటుంది, పక్కన 'బడా' పోయి 'బడే' రావడం చూసి ఒకటి కాదని తెలుసుకోవాలి. కమరా వెనక 'మేఁ' వస్తే కమరే మేఁ. అమ్మాయి అన్నని లడకీ కా భాయీ అనాలి, ఎందుకంటే కా, కీ అన్నవి ఎవరిదో చూడవు, ఏమిటో చూస్తాయి. అక్కడ ఉన్నది భాయీ కాబట్టి 'కా'.

ఇదంతా రాసి ఊరుకున్నానా, లేదు. నేను చదువుకున్న పద్ధతిలోనే చదివించాను. ఒకటి నుంచి ముప్ఫై దాకా ఎక్కాలు అప్పజెప్పినట్టు కారణాలతో సహా అప్పజెప్పాలి. తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. పొద్దున బ్రష్ చేస్తూ ఒకసారి, బడి నుంచి రాగానే ఒకసారి, అన్నం ముందర ఒకసారి. నాలుగో రోజుకి గడగడా చెప్పేసింది. దుబాయిలో అల్ ఖూజ్ గోడౌన్ నుంచి అలసిపోయి వచ్చిన మా ఆయన, "ఖలాస్, ఇంక పిల్లనొదిలెయ్" అన్నాడు. ఆయనకేం తెలుసు, అని మనసులో మురిసిపోయాను.

పరీక్షకి ముందు రోజు శుక్రవారం. సాయంత్రం ఎదురింటావిడ కరివేపాకు కోసం వచ్చింది. కడప మనిషి, ముస్లిములు, ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. నేను గొప్ప కోసం పిల్లచేత అప్పజెప్పించబోయాను. కాగితం ఆవిడ చేతికిచ్చాను కానీ ఆ లిపి ఆవిడకి రాదు. తెలుగులో రాసిన కారణాలు మాత్రం చదివింది.

"పదిహేడోది ఏంది అమ్మీ?" అంది నవ్వుతూ.

మా అమ్మాయి కళ్ళు మూసుకుంది. పెదాలు కదుపుతోంది. ఒకటి, రెండు, మూడు... మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ పదిహేడు దగ్గరికి నడుస్తోంది! పన్నెండు దగ్గర తడబడి మళ్ళీ వెనక్కి వెళ్ళింది. "మధ్యలోంచి అడిగితే రాదు ఆంటీ" అని ఏడ్చేసింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద? పిల్ల మీదనే అనుకుని, "ఇన్ని రోజులుగా ఏం చదివినావే!" అని అరిచాను.

"దాన్నెందుకక్కా తిడతావు? నువ్వు నేర్పిచ్చిందే అది జెప్తాంది" అంది ఆవిడ.

నా సర్టిఫికెట్లన్నీ అలా వచ్చినవే. ఈ ఊళ్ళో కూరగాయలవాడితో రెండు ముక్కలు హిందీలో మాట్లాడాలంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. సిగ్గో ఉక్రోషమో, వంటింట్లోంచి కత్తెర తెచ్చి ఆ కాగితాన్ని ముప్ఫై ముక్కలు చేశాను. అన్నీ ఖాళీ పాలపొడి డబ్బాలో వేసి గలగల్లాడించి, "తియ్యి ఒకటి" అన్నాను.

మొదట్లో కష్టమే అయింది. ఒక్కో చీటీ తీసి చదవడం, జవాబు చెప్పడం, నా రాత చూడకుండా కారణం తెలుగులో ఎదురింటావిడకి చెప్పడం. ఆవిడ ఊరికే ఒప్పుకునే రకం కాదు. ప్రతిదానికీ "యాల?" అంటుంది. ఎందుకు అని. అరగంటకి పిల్ల నంబర్లు తలుచుకోవడం మానేసింది.

అప్పుడొచ్చింది ఆ చీటీ. లడకే నే రోటీ ఖాయీ, అబ్బాయి రొట్టె తిన్నాడని.

"మేం అట్లనం. లడకా రోటీ ఖాయా అంటాం. మగపిల్లోడు గదా తినింది?" అంది ఆవిడ.

నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయే అందుకుంది. "మీ ఇంట్లో అట్టే అంటారు ఆంటీ, బుక్కులో మాత్రం 'నే' రావాల. 'నే' వస్తే లడకా లడకే అయిపోతాడు. ఇంక క్రియ వాడి మాట వినదు, రోటీ మాటే వింటుంది. రోటీ ఆడది. అందుకే ఖాయీ."

అది నేను రాసిన వాక్యం కాదు. దాని సొంతం. నా కళ్ళు చెమర్చాయి. ఆవిడ దాని బుగ్గలు పుణికి, "ఇన్నేండ్లుగా తప్పు మాట్లాడతాండానన్న మాట" అని పకపకా నవ్వింది.

చీటీలు ఎత్తిపెడుతుంటే ఒకదాని వెనక చిన్న అచ్చు కనిపించింది. ఈ కాగితం పూర్తిగా నింపి, తల్లిదండ్రుల సంతకంతో పరీక్షకి తీసుకురావాలట! ఓరి దేవుడా. ఇద్దరం నేల మీద కూర్చుని ముప్ఫై ముక్కలూ టేపుతో అతికించాం. కంగారులో తొమ్మిది తర్వాత ఇరవై రెండు, దాని తర్వాత నాలుగు. ఊడదీస్తే చిరుగుతుందని అలాగే సంతకం పెట్టాను.

మర్నాడు బడి వరండాలో గంటన్నర కూర్చున్నాను. నాకు సరిగా రాని శ్లోకాలు కూడా చదివాను. తలుపు తెరుచుకుని టీచర్ బయటికొచ్చి, నవ్వుతూ నాకు ఆరో తరగతి పుస్తకాల జాబితా ఇచ్చింది. నేను ఆ గోడకే ఆనుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాను. వారం రోజులుగా బిగబట్టినట్టున్నాను.

బస్సులో అడిగాను, లోపల ఏమైందని.

"మేడం ఆ అతుకుల కాగితం చూసి, ఇందులో పదిహేడో నంబరెక్కడుంది, అది చెప్పు అన్నారమ్మా. నాకు నంబర్లు తెలీదు మేడం, ప్రశ్న అడగండి చాలు అన్నాను" అంది మా అమ్మాయి, కిటికీలోంచి బయటికి చూస్తూ.