పేరడగని పెద్దామె

ఎదురింటి పెద్దామెకు పొగరని, కొత్తగా దిగినవాళ్ల పేరైనా అడగదని మా కర్నూలు వీధివాళ్లు ఇప్పటికీ అంటారు. అడగని మాట నిజమే, పొగరన్నది మాత్రం శుద్ధ తప్పు.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఏడాది మద్రాసు నుంచి ఉద్యోగానికి ఒంటరిగా వచ్చాను. "మీ ఆయన యాడమ్మా?" అన్న ప్రశ్న పడలేక అప్పటికే రెండు ఇళ్లు ఖాళీ చేశాను. మూడో ఇంట్లోనూ అదే అడిగితే ఇచ్చేద్దామని రాజీనామా రాసిపెట్టుకున్నాను.

ఆ ఇంట్లో దిగిన రోజే పెద్దామె నీళ్ల కడవతో వచ్చి గడప బయటే నిలబడింది. నేను గొడవకు సిద్ధమయ్యాను.

"మూల బావి నీళ్లు ఉప్పమ్మా. తాగేకి మసీదు బావికి పో. తెల్లారే పోతే జనం ఉండరు. నేను ఎదురింట్లోనే ఉంటా. కడవ నిదానంగా ఇయ్యి," అని, లోపలికి తొంగైనా చూడకుండా వెళ్లిపోయింది.

ఆ రాజీనామాతోనే పొయ్యి అంటించి కాఫీ పెట్టుకున్నాను. కొన్నేళ్లకు అదే ఆఫీసులో హెడ్ గుమాస్తానయ్యాను కూడా.

అడగాలని ఆమెకు నిజంగా అనిపించలేదా, అనిపించినా ఆపుకుందా?